తలుపు కింద అంగుళం సందు: ఇంటి నుంచి పనిచేసే ఒక మెడికల్ కోడర్ కేసు

ఉద్యోగుల మానసిక ఆరోగ్యం మీద పనిచేసే కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇంటి నుంచి పనిచేసేవారివి చాలా ఉంటాయి. వాటిలో ఒకదాన్ని పూర్తిగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమె వయసు 31. హైదరాబాద్ మూసాపేట వైపు ఒక సింగిల్ బెడ్‌రూం పోర్షన్‌లో అత్తమామలు, భర్త, ఒకటో తరగతి చదివే కూతురితో ఉంటుంది. భర్త ఉదయం ఎనిమిదికి గోదాము పనికి వెళ్లి రాత్రి వస్తాడు. ఆమె మెడికల్ కోడర్. అమెరికా ఆసుపత్రుల నుంచి వచ్చే రోగుల రికార్డులు చదివి, వైద్యుడు రాసిన ప్రతి వ్యాధికీ ఐసీడీ-10-సీఎం జాబితాలోని సరైన కోడ్ వేయడం ఆమె పని. ఆ కోడ్‌ల ఆధారంగానే అక్కడ బీమా చెల్లింపులు జరుగుతాయి. కంపెనీ అడిగే కచ్చితత్వం 95 శాతం. చాలాకాలం 97 దగ్గర ఉన్న ఆమె ఆడిట్ ఫలితం వరుసగా మూడు నెలలు 92 దగ్గరికి పడిపోయింది. మేనేజరు హెచ్చరిక పంపాడు. ఆ కాగితం పట్టుకునే ఆమె వచ్చింది.

వచ్చీరాగానే ఆమె అన్న మాట: "మేడం, నాకు ఏకాగ్రత పోయింది. చదివింది చదివినట్టే మర్చిపోతున్నాను."

ఈ మాటను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. డిప్రెషన్, థైరాయిడ్ లోపం, రక్తహీనత, నిద్రలేమి కూడా ఇదే మాటగా బయటపడతాయి. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్వల్ప స్థాయి కనిపించింది. మార్కులు ఎక్కువగా నిద్ర, అలసట ప్రశ్నల దగ్గరే వచ్చాయి. రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి. అప్పుడు ఆడిట్ నివేదికలు తెమ్మన్నాను. తప్పు ఏమిటన్నదే కాక, ఆ చార్టు, అంటే ఆ రోగి రికార్డు, ఏ గంటలో పూర్తయిందో కూడా వాటిలో ఉంటుంది.

కేసు అక్కడే మలుపు తిరిగింది. తప్పులు రోజంతా చెదిరి లేవు. ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా ఒక గుంపు, మూడున్నర నుంచి ఐదు దాకా మరో గుంపు. పని వెనకబడిన రోజుల్లో ఆమె తెల్లవారుజామునే లేచి చేసిన చార్టుల్లో దాదాపు తప్పే లేదు. ఏకాగ్రత శక్తే పోయిన మనిషికి తప్పులు గడియారం చూసి రావు. పైగా నిద్ర తక్కువైన ఆ తెల్లవారుజాముల్లోనే ఆమె పని శుభ్రంగా ఉంది.

తప్పుల రకం కూడా ఒక సంగతి చెప్పింది. వ్యాధిని ఆమె పొరబడటం లేదు, చివరి అంకె దగ్గర జారుతోంది. ఒక ఉదాహరణ చెబుతాను. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి E11.22 వేయాలి, దానితో పాటు మూత్రపిండాల వ్యాధి ఏ దశలో ఉందో చెప్పే కోడ్ వేయాలి. వైద్యుడు 3బి దశ అని స్పష్టంగా రాశాడు కాబట్టి N18.32 రావాలి. ఆమె మూడో దశ అని తెలిసి, అందులో 3ఏనో 3బినో తెలియని సందర్భానికి వాడే N18.30 వేసింది. మరో చార్టులో ఎడమ మోకాలి కీళ్ల అరుగుదలకు M17.12 బదులు కుడి మోకాలికి చెందిన M17.11 పడింది. ఈ చివరి అంకె రికార్డులో ఎక్కడో నాలుగో పేజీలో దొరుకుతుంది. దాన్ని చూసి, మనసులో పెట్టుకుని, మరో తెరలోకి వెళ్లి కొట్టాలి. మధ్యలో ఉన్న ఆ కొద్ది సెకన్లలో ఎవరైనా పిలిస్తే మొదట జారిపోయేది అదే.

ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలి

ఒక వారం పాటు అంతరాయాల పట్టిక రాయమన్నాను. నాలుగు గడులు చాలు: సమయం, ఎవరు, ఎందుకు, అప్పుడు చార్టు మధ్యలో ఉన్నానా లేక రెండు చార్టుల నడుమ ఉన్నానా. చివరి గడి ముఖ్యం. రెండు చార్టుల నడుమ పిలిస్తే నష్టం దాదాపు ఉండదు. మధ్యలో పిలిస్తే, జవాబు మూడు సెకన్లలో చెప్పినా చదివింది చెదిరిపోతుంది. ఒక పని తెగకుండానే మరో పనికి మళ్లినప్పుడు మొదటి పని తాలూకు ఆలోచన కొంత అక్కడే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. పట్టికలో నేను వెతికేది అదే.

కంపెనీ నిబంధనల వల్ల ఆమె బల్ల మీద కాగితం, కలం ఉండకూడదు. రోగుల వివరాలు ఎక్కడా రాసుకోకూడదని అమెరికా గోప్యతా చట్టం, అదే హిప్పా, కోసం పెట్టుకున్న కట్టడి అది. అందుకే పట్టికను గది బయట గోడకు తగిలించాం. బయటికి వచ్చినప్పుడల్లా గుర్తున్నంత రాసేది.

వారం తర్వాత చూస్తే మామూలు రోజున పాతికకు అటూ ఇటూగా పిలుపులు. సగానికి పైగా చార్టు మధ్యలోనే. ఇంట్లో అందరూ నేరం మోపుతున్నది టీవీ మీద, పాప మీద. పట్టికలో అన్నింటికంటే పెద్ద వరస మాత్రం ఫోనుకు వచ్చే ఓటీపీలది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి డెలివరీ కోడ్ అడుగుతాడు. కిరాణా తెచ్చినవాడు ఓటీపీ అడుగుతాడు. మామగారి పింఛను బ్యాంకు సందేశాలు, కరెంటు బిల్లు, పాప బడి వాట్సాప్ గ్రూపు, అన్నీ ఆమె నంబరుకే. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇంట్లో స్మార్ట్‌ఫోను ఆమె ఒక్కదానికే ఉండేది కాబట్టి అన్నిచోట్లా ఆమె నంబరే ఇచ్చారు. తర్వాత అందరికీ ఫోన్లు వచ్చినా నంబర్లు మార్చలేదు. అత్తగారు తలుపు తీసి కోడ్ అడగడం కోడలి పని మీద గౌరవం లేక కాదు. సిలిండర్ మోసుకొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే ఆమెకు మరో దారి లేదు.

రెండో పెద్ద వరస బీరువా. ఆమె పనిచేసే పడకగదిలోనే ఇంటిల్లిపాది బీరువా ఉంది. మామగారి మందులు, తువ్వాళ్లు, పాప బట్టలు, డబ్బులు, కాగితాలు అన్నీ దాంట్లోనే. లోపలికి వచ్చినవాళ్లు పలకరించకుండా వెళ్లడం మన ఇళ్లలో మర్యాద కాదు. "భోంచేశావా" అనో "ఎండ చూశావా" అనో ఒక మాట అంటారు.

పాప వరస మూడోది. టీవీ పట్టికలోకి రానే రాలేదు, ఎందుకంటే టీవీ ఎవరినీ పేరు పెట్టి పిలవదు. దాని నష్టం వేరే విధంగా కొలవాలి. దానికోసమే ఇంటికి వెళ్లాను.

మాట వినిపించడం వేరు, మాట అర్థమవడం వేరు

పడకగదికి తలుపు ఉంది, పగలంతా మూసే ఉంటుంది. అయినా హాల్లో వార్తలు చదివే మనిషి గొంతు ఆమె బల్ల దగ్గర స్పష్టంగా వినిపిస్తోంది. భర్త అప్పటికే తన వంతు ప్రయత్నం చేశాడు. గోడకు నల్లటి ఫోమ్ పలకలు అంటించాడు. నెల జీతంలో పెద్ద భాగం పెట్టి చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. ఏవీ పనిచేయలేదు. కారణాలు రాస్తాను, ఎందుకంటే ఇదే డబ్బు చాలా ఇళ్లలో ఇలాగే ఖర్చవుతోంది.

ఫోమ్ గదిలోపల పుట్టిన శబ్దం గోడకు తగిలి తిరిగి రాకుండా పీల్చుకుంటుంది. అవతలి గదిలో పుట్టిన శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి, సందు లేకుండా మూసుకోవాలి. ఫోమ్‌లో రెండూ లేవు. ఇక ఆ హెడ్‌ఫోన్లు మార్పు లేకుండా సాగే లోస్వరపు హోరును బాగా తగ్గిస్తాయి. ఫ్యాను, కూలరు, విమానం ఇంజిను లాంటివాటిని అన్నమాట. ఎప్పటికప్పుడు మారే మనిషి మాటను అంతగా తగ్గించలేవు. ఈ ఇంట్లో జరిగింది ఏమిటంటే, అప్పటిదాకా టీవీ మాటలను కొంత కప్పి ఉంచిన ఫ్యాను హోరును హెడ్‌ఫోన్లు తీసేశాయి. మాటలు ఇంకా తేటగా బయటపడ్డాయి. ఆమె వాటి మీద తెలుగు పాటలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. చదివే పనికి అర్థమయ్యే మాటలున్న పాట మరో అంతరాయమే.

ఇక్కడ అసలు సంగతి శబ్దం ఎంత పెద్దదన్నది కాదు. పట్టించుకోనక్కర్లేని మాటలు చెవిన పడితే, గుర్తుపెట్టుకోవలసిన వరుస చెదిరిపోతుందని 1976 నుంచి వచ్చిన ప్రయోగాలు చూపిస్తున్నాయి. మాట మెల్లగా ఉన్నా గట్టిగా ఉన్నా నష్టంలో పెద్ద తేడా ఉండదు. ఒకే తీరున సాగే హోరు మాత్రం అంత నష్టం చేయదు. అందుకే ఇలాంటి ఇంట్లో నిశ్శబ్దం కోసం పోరాడటం అనవసరం అంటాను. చప్పుడు వస్తే రానీ, మాట అర్థం కాకపోతే చాలు.

దీన్ని కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. ఒకరు హాల్లో టీవీ దగ్గర కూర్చుని, ఒకదానితో ఒకటి సంబంధం లేని పది మాటలు మామూలు గొంతుతో చదవాలి: పలక, సంత, తాళం, కొడవలి, ఇలా. రెండోవారు బల్ల దగ్గర కూర్చుని వినిపించినవి రాయాలి. సంబంధం లేని మాటలే ఎందుకంటే, వాక్యం చదివితే వినపడని మాటను మనసు ఊహించి పూరిస్తుంది. మొదటి రోజు, తలుపు మూసి ఉండగా, ఆమె పదిలో తొమ్మిది సరిగ్గా రాసింది.

మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింద చూస్తే హాల్లోని వెలుతురు గీతలా కనబడింది. లోపలి గుమ్మానికి గడప లేదు, కింద అంగుళం సందు. తలుపు ఎత్తు ఏడు అడుగులు, అంటే 84 అంగుళాలు. ఒక అంగుళం అంటే తలుపు మొత్తంలో ఒక శాతానికి కొంచెం పైన. శబ్దశాస్త్రంలో ఒక మొండి లెక్క ఉంది: అడ్డంగా ఉన్నదానిలో ఒక శాతం తెరిచి ఉంటే, మిగతా 99 శాతం ఎంత గట్టిదైనా మొత్తం మీద శబ్దం 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. ఈ తలుపే టేకుది పెట్టినా ఫలితం అంతే. మాటను మాటగా గుర్తుపట్టించే క, త, స లాంటి హల్లుల శబ్దాలు బలహీనమైనవి, ఎక్కువగా పైస్వరంలో ఉండేవి. మూసిన తలుపు వాటిని తేలిగ్గానే ఆపుతుంది, సందు ఉంటే మాత్రం అవి నేరుగా లోపలికి వచ్చేస్తాయి.

తలుపు అడుగున తొడిగే, రెండు వైపులా మెత్తటి గొట్టాలున్న సీలు అమ్ముతారు, రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. అది పెట్టాం. చట్రం చుట్టూ రబ్బరు పట్టీ అంటించాం. హెడ్‌ఫోన్లలో శబ్దం తగ్గించే మీట ఆపి, ఫ్యాను హోరును ఉండనిచ్చాం. మళ్లీ పది వేరే మాటలు చదివితే ఈసారి ఆమె నాలుగు రాయగలిగింది. హాల్లో ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది, ఏమిటన్నది చాలావరకు తెలియడం లేదు. ఇంకా తగ్గాలంటే తలుపు దగ్గర కాక టీవీ దగ్గర చూడాలి.

మామగారి చెవి

టీవీ అంత గట్టిగా ఎందుకుంది? ఈ ప్రశ్నకు ఇంట్లో ఇచ్చిన జవాబు "ఆయనకు అలవాటు" అని. కాసేపు ఆయన పక్కన కూర్చున్నాను. భార్య వెనక నుంచి పిలిస్తే పలకలేదు, ఎదురుగా వచ్చి అంటే వెంటనే పలికారు. వార్తల కింద జారే అక్షరాలను శ్రద్ధగా చదువుతున్నారు. నేను అడిగితే "వినపడుతుందమ్మా, మాటే తెలియదు" అన్నారు. వయసుతో వచ్చే వినికిడి లోపానికి ఇంతకంటే కచ్చితమైన వర్ణన ఉండదు. ముందు పైస్వరాలు పోతాయి. అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే శబ్దం ఎంత పెంచినా గట్టిదనం పెరుగుతుంది కానీ స్పష్టత రాదు. ఆయన ఇంకా పెంచుతారు.

కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. చెవిలో గులిమి ఉందేమో ముందు చూసి, తర్వాత శుద్ధస్వరాలతో చేసే ఆడియోమెట్రీ పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ పైస్వరాల వైపు మెట్లు దిగినట్టు పడిపోయిన గీత వచ్చింది. వినికిడి యంత్రం పెట్టుకోమని సలహా ఇచ్చారు. ఆయన వద్దన్నారు. ఆ రోజుకు ఒత్తిడి చేయవద్దని కొడుకుకు చెప్పాను. పరీక్ష జరగడం వల్ల ఇంట్లో ఒక పెద్ద మార్పు అప్పటికే వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పినా వినరు" అన్న మాట ఆగిపోయింది. ఆయనతో అందరూ అరిచి మాట్లాడటం మానేసి ఎదురుగా వచ్చి మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ అరుపులు కూడా పడకగదిలోకి వచ్చే రొదలో భాగమే.

టీవీకి హెడ్‌ఫోను పెట్టి చూశారు. తీగ గుచ్చగానే టీవీ స్పీకరు ఆగిపోయింది, పక్కన కూర్చున్న అత్తగారికి సీరియల్ వినపడలేదు. ఇద్దరూ కలిసి చూసే ఆ మూడు గంటలే వాళ్ల పగటి కాలక్షేపం. దాన్ని విడదీసే పరిష్కారం నిలబడదు. చివరికి అదే రంధ్రానికి పొడవాటి తీగతో ఒక చిన్న స్పీకరు తగిలించి, దివాను మీద ఆయన తల పక్కన పెట్టాం. టీవీ ఆయనకు పది అడుగుల దూరంలో ఉంది, ఇది రెండున్నర అడుగుల్లో. ఆరుబయట అయితే దూరం సగమైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని కలుస్తుంది కాబట్టి అంత లాభం రాదు. అయినా ఆయనకు ముందుకంటే బాగా వినపడే స్థాయిలో పెట్టినా మిగతా హాలుకు చాలా తక్కువ శబ్దం చేరింది. పది మాటల పరీక్షను ఈసారి ఆ స్పీకరులో వార్తలు నడుస్తుండగానే పెట్టాం. బల్ల దగ్గర ఆమెకు వార్తల్లో ఒక్క వాక్యం కూడా అందలేదు.

ఇంకొకటి మిగిలింది. అత్తగారు రోజూ పదకొండు గంటలకు కూతురితో ఫోనులో మాట్లాడతారు, సరిగ్గా పడకగది తలుపు పక్కన, సిగ్నల్ బాగుంటుందని. సంభాషణలో ఒక వైపు మాత్రమే వినపడటం రెండు వైపులా వినడం కంటే ఎక్కువగా ధ్యాస లాగుతుందని 2010లో లారెన్ ఎంబర్సన్ బృందం చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. అవతలివాళ్లు ఏమన్నారో ఊహించకుండా మనసు ఉండలేదు. అందులోనూ "అవునా, కోడలికి చెబుతాలే" అని వినపడితే ఏ కోడలు చార్టు చదువుకుంటుంది? ఆ ఫోను వంటింటి కిటికీ దగ్గరికి మారింది. అక్కడా సిగ్నల్ ఉంది.

హద్దు ఎవరి మీద పడుతోంది

అందరూ కూర్చున్న రోజున అత్తగారు మొదట మాట్లాడలేదు. కాసేపటికి నాతో అన్నారు: "అమ్మా, పిల్ల ఉద్యోగం మాకు ముఖ్యమే. కానీ మా ఇంట్లో మేమే దొంగల్లా నడవాలా? మిక్సీ వేయాలంటే భయం, దగ్గాలంటే భయం. మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుంటున్నాను." కోడలికి ఆ సంగతి తెలియదు.

ఇలాంటి కేసుల్లో నాకు అన్నింటికంటే ఆందోళన కలిగించే అంశం ఇదే. చిన్న ఇంట్లో ఒక గది ఆఫీసైతే, మిగతావాళ్లు జీతం లేకుండా ఆ ఆఫీసు క్రమశిక్షణ మోస్తారు. ఆ బరువు సాధారణంగా ఇంట్లో ఎక్కువసేపు ఉండే పెద్దామె మీద పడుతుంది. "శబ్దం చేయకండి" అన్న నియమానికి మొదలూ చివరా ఉండదు. ఎప్పటిదాకా, ఎంత మెల్లగా అన్నది ఎవరికీ తెలియదు. అందుకే ఆ నియమాన్ని పూర్తిగా తీసేశాం. మిక్సీ, కుక్కరు, గిన్నెలు ఎప్పుడైనా వేసుకోవచ్చు. అవి పెద్ద చప్పుళ్లే, కానీ వాటిలో మాట లేదు, కాసేపట్లో ఆగిపోతాయి. దానికి బదులు ఒకటే నియమం: గది తలుపు తీయడం గురించి.

ఆమె బయటికి వచ్చే వేళలు స్థిరం చేశాం: పదిన్నర, ఒంటిగంట, మూడూ నలభై. అడగవలసినవన్నీ అప్పుడు అడగాలి. మధ్యలో తలుపు తట్టవలసినవి మూడే: ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, బడి నుంచి ఫోను వస్తే, సంతకం తప్పనిసరైన మనిషి గుమ్మంలో ఉంటే. తట్టిన తర్వాత ఆమె వెంటనే తల ఎత్తదు. ఉన్న వాక్యం మీద కర్సర్‌తో రంగు పెట్టి, చార్టును సాఫ్ట్‌వేర్‌లో "అసంపూర్తి" స్థితిలో ఉంచి, అప్పుడు లేస్తుంది. తిరిగి వచ్చాక రంగు పెట్టిన వాక్యానికి ఒక పేరా ముందు నుంచి చదువుతుంది. ఎడమా కుడా, దశ ఎంత అన్నది జ్ఞాపకం నుంచి ఎన్నడూ కొట్టదు, మళ్లీ చూసే కొడుతుంది.

ఓటీపీల పని భర్త ఒక ఆదివారం కూర్చుని ముగించాడు. గ్యాస్ కనెక్షన్, కిరాణా యాప్, కరెంటు బిల్లు అత్తగారి నంబరుకు మారాయి. కోడ్ చదివి చెప్పడం ఆవిడ ఒక్కరోజులో నేర్చుకున్నారు. బడి గ్రూపులో తండ్రి నంబరు కూడా చేర్చారు. బ్యాంకు నంబరు మార్చడానికి మామగారిని శాఖకు తీసుకెళ్లవలసి వచ్చింది, దానికి మరో వారం పట్టింది. రోజువారీ మందులు, తువ్వాళ్లు, పాప బట్టలు హాల్లో ఒక ప్లాస్టిక్ అలమారలోకి వచ్చాయి. తర్వాతి వారం పట్టికలో పిలుపులు మూడో వంతుకు తగ్గాయి. ఎవరి స్వభావమూ మారనక్కర్లేకపోయింది.

బల్ల ఎటు తిప్పాలన్న దగ్గర ఒక చిక్కు వచ్చింది. తెర ఎవరికీ కనబడకూడదంటే వీపు గోడకు ఆనించి తలుపు వైపు చూస్తూ కూర్చోవాలి. అలా కూర్చుంటే వచ్చిన ప్రతి మనిషితో చూపు కలుస్తుంది, చూపు కలిస్తే మాట కలుస్తుంది. తలుపుకు వీపు పెడితే తెర బయటపడుతుంది. తలుపుకు పక్కగా బల్ల వేసి, వాలుగా చూస్తే తెర నల్లగా కనబడే ప్రైవసీ ఫిల్టర్ అంటించాం. అది తెర వెలుగును కొంత తగ్గిస్తుంది కాబట్టి కళ్ల అలసట గమనించుకోమన్నాను.

పాప మూడున్నరకు బడి నుంచి వస్తుంది. అంతకుముందు ఆమె ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకునేది, మరోరోజు కసురుకునేది. ఒక్కోసారి ఫలించి ఒక్కోసారి ఫలించని ప్రయత్నాన్ని పిల్లలు అంత తేలిగ్గా వదలరు, ఎప్పుడు ఫలిస్తుందో తెలియదు కాబట్టి ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. మూడూ నలభై నుంచి నాలుగు దాకా, ఫోను లేకుండా, పూర్తిగా పాపతో అన్నది మార్చరాని విరామం చేశాం. గోడ గడియారంలో పెద్ద ముల్లు ఎనిమిది మీదికి వస్తే అమ్మ వస్తుందని పాపకు చూపించారు. నాలుగు తర్వాత ఎంత ఏడ్చినా తలుపు నానమ్మే చూసుకోవాలి. ఇలాంటి మార్పు మొదలైన కొద్దిరోజులు అల్లరి తగ్గకపోగా పెరుగుతుందని ముందే చెప్పాను. చెప్పకపోతే సరిగ్గా ఆ రోజుల్లోనే కుటుంబాలు పద్ధతి వదిలేస్తాయి. ఇక్కడ నాలుగు రోజులు తలుపు కొట్టి ఏడ్చింది, తర్వాత నానమ్మ దగ్గర రంగుల పుస్తకం పట్టుకుంది.

పని ఇంటిలోకి వచ్చే దారి కూడా ఒకటి ఉంది. రోజు లెక్కలో మిగిలిపోయిన చార్టులు ఆమె రాత్రి మంచం మీద, పాప పక్కన పూర్తి చేసేది. నిద్రలేమి అక్కడి నుంచే వచ్చింది. పగటి అంతరాయాలు తగ్గాక రాత్రి మిగిలేవి తగ్గాయి. ఐదున్నరకు లాప్‌టాప్ సంచిలో పెట్టి బీరువా పైఅరలో పెట్టడం, మడత బల్ల మడిచి గోడకు ఆనించడం మొదలుపెట్టింది. బల్ల మడిచాక ఆ గది మామగారికి, అత్తగారికి సాయంత్రం నడుము వాల్చుకునే గది. మళ్లీ బల్ల తీయాలంటే వాళ్లను లేపాలి. ఏ సంకల్పబలం కంటే ఆ ఇబ్బందే ఆమెను ఎక్కువగా ఆపింది.

ఎక్కడ నిలబడింది, ఎక్కడ నిలబడలేదు

రెండో నెల ఆడిట్‌లో కచ్చితత్వం 95 దాటింది, మూడో నెలలో 96. చివరి అంకె తప్పులు పూర్తిగా పోలేదు కానీ గంటల వారీ గుంపులు కరిగిపోయాయి. పీహెచ్‌క్యూ-9 మార్కులు కూడా తగ్గాయి. అత్తగారు మెట్ల మీద కూర్చోవడం మానేశారు.

ఏప్రిల్ వచ్చేసరికి మొదటి చిక్కు. ఏసీ లేని గదిలో, సందులన్నీ మూసిన తలుపు వెనక, హైదరాబాద్ ఎండలో మనిషి కూర్చోలేరు. కూలరు పెడితే గాలి బయటికి పోయే దారి కావాలి, లేదంటే గది ఉక్కతో నిండిపోతుంది. దారి అంటే తలుపు తెరవడమే. ఆ రెండు నెలలు కంపెనీతో మాట్లాడి ఉదయం ఆరుకు పని మొదలుపెట్టే వెసులుబాటు తీసుకున్నాం. కష్టమైన చార్టులు, అంటే పేజీలు ఎక్కువున్నవి, పదిలోపు ముగించేది. మధ్యాహ్నం తలుపు తెరిచి, కూలరు హోరులో తేలికైనవి చేసేది. కూలరు హోరు మాటలను బాగానే కప్పింది. ఉదయం వంట అత్తగారి మీద పడింది. అందుకు బదులుగా రాత్రి వంట కోడలు తీసుకుంది. ఈ మార్పిడిని వాళ్లే మాట్లాడుకుని ఒప్పుకున్నారు.

రెండో చిక్కుకు ఆ ఇంట్లో పరిష్కారం లేదు. జూలైలో ఆడపడుచు పురిటికి వచ్చింది. బాలింత, పసిబిడ్డ ఉండవలసింది ఆ ఒక్క పడకగదిలోనే. హాల్లో పనిచేయడం గోప్యత నిబంధనల వల్ల కుదరదు, గ్రంథాలయం, కాఫీ దుకాణం లాంటి చోట్లు అంతకంటే కుదరవు. ఏ తలుపు సీలూ, ఏ వేళల పట్టికా దీనికి చాలదు. అంతమంది అంత చోటులో ఉన్నప్పుడు ఇంటి నుంచి పని సాధ్యం కాదని రాతపూర్వకంగా కంపెనీకి నివేదిక ఇచ్చాను. మూడు నెలలు ఆఫీసులో సీటు ఇచ్చారు. పాపను బడి నుంచి తీసుకురావడం మామగారు తన పని చేసుకున్నారు.

ఆ రోజుల్లోనే, బడి గేటు దగ్గర పిల్లల మాటలు, వెనక నుంచి వచ్చే ఆటో హారన్లు తనకు సరిగ్గా అందడం లేదని ఆయనే గమనించారు. కోఠికి మళ్లీ తీసుకెళ్లమని కొడుకును అడిగారు. వినికిడి యంత్రం పెట్టుకుని ఇప్పుడు రెండు నెలలైంది. మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, కాగితం చప్పుడు చెవులు పగిలేలా ఉన్నాయన్నారు. అది మామూలే కాబట్టి రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లమని ఆడియాలజిస్ట్ చెప్పారు. ఆడపడుచు వెళ్లిపోయాక కోడలు వారానికి మూడు రోజులు ఇంటి నుంచి, రెండు రోజులు ఆఫీసు నుంచి పనిచేస్తోంది. తలుపు అడుగు సీలు నేలకు రాసుకుని చిరిగింది, కొత్తది తెచ్చుకున్నారు. కేసును ప్రస్తుతానికి మూసి, వచ్చే మార్చిలో, ఎండలు ముదరకముందు, ఒకసారి కలవాలని తేదీ పెట్టుకున్నాం.